వందేళ్లలో ఎండ రికార్డులు ఎన్ని రావాలి?

మే నెల వస్తే చాలు, ‘ఆల్‌టైమ్ రికార్డ్ ఎండ’ అంటూ ఫోన్‌లో నోటిఫికేషన్. చూసి కంగారు పడాలా? వాతావరణం ఏమీ మారకపోయినా అప్పుడప్పుడూ రికార్డులు బద్దలవుతాయి కదా! మరి అలా ఎన్ని రావడం మామూలు?

ఒక ఊళ్లో వందేళ్లుగా ఏటా నమోదైన గరిష్ఠ ఉష్ణోగ్రతలు ఉన్నాయనుకుందాం. ఏ రెండూ సమానం కావు. ఎండలు పెరగడం లేదు కాబట్టి అవి ఏ వరుసలో రావడానికైనా ఒకే అవకాశం. అంతకుముందు వచ్చిన అన్నిటినీ మించితేనే రికార్డు. మొదటి ఏడాదిది ఎలాగూ రికార్డే.

ఈ వంద విలువలను పేర్చే విధానాల సంఖ్య రాయాలంటే 158 అంకెలు కావాలి. ఒక్కో వరుసా చూడటం అయ్యే పని కాదు. అందుకే ఏడాదికో బల్బు పెడదాం. రికార్డు వస్తే వెలుగుతుంది, విలువ 1. రాకపోతే 0. గణితంలో దీన్నే ఇండికేటర్ వేరియబుల్ అంటారు. వెలిగిన బల్బులు లెక్కపెడితే అవే మొత్తం రికార్డులు.

ఏడో బల్బు ఎప్పుడు వెలుగుతుంది? మొదటి ఏడేళ్లలోని అతి పెద్ద విలువ సరిగ్గా ఏడో ఏట వస్తేనే. అది ఏడు చోట్లలో ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి అవకాశం 1/7. విలువ 1 లేదా 0 మాత్రమే కాబట్టి ఆ బల్బు సగటు కూడా 1/7. ఇక సగటులన్నీ కూడితే సరి:

1 + 1/2 + 1/3 + … + 1/100 ≈ 5.19

నమ్మకం కలగలేదా? మూడేళ్లకు చూడండి. 38, 39, 40 డిగ్రీలను ఆరు రకాలుగా పేర్చొచ్చు. 38, 39, 40 వరుసలో మూడు రికార్డులు. 40 మొదటే వచ్చే రెండు వరుసల్లో ఒక్కోటి. మిగిలిన మూడింట్లో రెండేసి. మొత్తం 11, సగటు 11/6. అటు 1 + 1/2 + 1/3 కూడా అంతే.

అంటే వందేళ్లకు సుమారు ఐదు రికార్డులే! అందులో మూడు దాకా మొదటి పదేళ్లలోనే వచ్చేస్తాయి. తర్వాతి తొంభై ఏళ్లకు మిగిలేది రెండుకు కాస్త పైన. కొత్త వాతావరణ కేంద్రంలో వరుసగా రికార్డులు వస్తే ఆశ్చర్యం లేదన్నమాట.

ఐదు అనేది సగటే. మూడు రావొచ్చు, ఏడూ రావొచ్చు. పాత రికార్డుతో సమానమైతే కొత్తదిగా లెక్కేయాలా వద్దా అన్నదీ ముందే తేల్చుకోవాలి. ఒక్క ఊరి లెక్కతో తీర్పు చెప్పలేం.

మరి మార్పు ఉందని తెలిసేదెలా? వాతావరణం నిలకడగా ఉంటే చలి రికార్డులకూ ఇదే సూత్రం, సగటున రెండూ సమానంగా రావాలి. అమెరికాలో సుమారు 1,800 కేంద్రాల రోజువారీ రికార్డులను పరిశీలించి 2009లో వెల్లడించిన అధ్యయనంలో, 2000 తర్వాత ఒక చలి రికార్డుకు దాదాపు రెండు వేడి రికార్డులు కనిపించాయి. కాబట్టి ఈసారి ‘రికార్డ్ ఎండ’ అని నోటిఫికేషన్ వస్తే రెండు ప్రశ్నలు వేసుకోండి: ఎన్నేళ్ల లెక్కలో ఇది రికార్డు? ఈమధ్య చలి రికార్డులు ఎన్ని వచ్చాయి?