పచ్చడి సీసాకు పేరు పెట్టే ముందు

మిల్లులోనో, ఎవరైనా తయారీదారు దగ్గరో పచ్చళ్లు, పొడులు చేయించి సొంత లేబుల్‌తో అమ్మేవాళ్లు మన జిల్లాల్లో చాలామందే ఉన్నారు. రుచి కుదిరేదాకా నెలల తరబడి ఓపిక పడతారు గానీ, పేరు మాత్రం ఒక్క పూటలో తేల్చేస్తారు. ఆ తొందరలో మొదట తట్టేది సరుకును వర్ణించే పేరే.

‘గుంటూరు కారం’ అనుకున్నారనుకోండి. వినగానే నోరూరుతుంది, కానీ అది మీ సొంతం కాదు. సరుకు రకాన్ని, గుణాన్ని, పుట్టిన చోటును మాత్రమే చెప్పే మాటలకు 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టం తొమ్మిదో సెక్షన్ సాధారణంగా రిజిస్ట్రేషన్ ఇవ్వదు. ఆ మాటలు ఆ వ్యాపారంలో ఉన్న అందరికీ కావాలి మరి. సిగరెట్లకు ‘సిమ్లా’ అనే పేరును కలకత్తా హైకోర్టు ఒప్పుకోకపోవడానికి కారణం కూడా ఇదే, అది ఊరి పేరు. వెతుకులాటలో మరో చిక్కు ఉంది. 2024 సంక్రాంతికి అదే పేరుతో మహేశ్‌బాబు సినిమా వచ్చింది. పాటలు, ట్రైలర్లు, సమీక్షలు దాటుకుని మీ సీసా దాకా వచ్చే ఓపిక కొనేవాళ్లకు ఉండదు.

దేవుళ్ల పేర్లు, పురాణాల పేర్లు పెట్టుకుంటే కలిసొస్తుందనుకునేవాళ్లూ ఉన్నారు. అగరుబత్తీలకు ‘రామాయణ్’ పేరు విషయంలో సుప్రీంకోర్టు 2015లో తేల్చి చెప్పింది: పవిత్ర గ్రంథం పేరును ఒక్కరే తమ సరుకుకు సొంతం చేసుకోలేరు.

ఇక తెలుగు పేర్లకే ప్రత్యేకమైన తలనొప్పి ఇంగ్లీషు స్పెల్లింగ్. ‘ఘుమఘుమ’నే తీసుకోండి. ఫోన్లో విన్నవాళ్లు Ghumaghuma అని కొడతారు, Gumaguma అని కొడతారు, విడదీసి Ghuma Ghuma అనీ కొడతారు. ఒత్తులు, దీర్ఘాలు, ‘త–థ’, ‘చ–ఛ’ ఉన్న పేర్లన్నిటికీ ఇదే గతి. పేరు ఖాయం చేసే ముందు నలుగురికి ఫోన్ చేసి, ఆ పేరు చెప్పి, విన్నది విన్నట్టు ఇంగ్లీషులో మెసేజ్ పెట్టమనండి. నాలుగు రకాలుగా వస్తే ఆ పేరు వదిలేయడమే నయం.

ఉదాహరణకు ‘మినుకు’ చూద్దాం. పచ్చడికీ దానికీ సంబంధం లేదు, అదే దాని బలం. ఒత్తు లేదు, దీర్ఘం లేదు, ఎక్కువమంది Minuku అనే రాస్తారు. అయితే ఇది ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. ipindia.gov.inలో ట్రేడ్ మార్కుల పబ్లిక్ సెర్చ్ ఉచితం. అక్కడ పేరుతో పాటు క్లాసు అడుగుతుంది. కూరగాయల పచ్చళ్లు 29లోకి, మసాలాలు, కారప్పొడులు 30లోకి వస్తాయి కాబట్టి రెండూ చూడాలి. Wordmark కింద Minuku కొట్టి ఏమీ రాలేదని సంబరపడకండి. Contains ఎంచుకుని Minu, Inuku వంటి ముక్కలు కూడా కొట్టాలి. తర్వాత Phonetic పెట్టి, Meenuku, Minukku లాంటి రూపాలూ చూడాలి.

ఇంత ఎందుకంటే, చట్టం అక్షరాలతో ఆగదు, చెవినీ చూస్తుంది. ‘అమృతధార’, ‘లక్ష్మణధార’ అనే రెండు మందుల పేర్ల మీద 1962లో సుప్రీంకోర్టు ఇదే చూసింది. పక్కపక్కన పెట్టి చదివితే తేడా తెలుస్తుంది. కానీ పేరు లీలగా గుర్తున్న మామూలు కొనుగోలుదారు రెండిటినీ ఒకటే అనుకునే ప్రమాదం ఉందని కోర్టు అంది. మీరు కూడా మొదటి అక్షరం మార్చేశాం కదా అని నిశ్చింతగా ఉండొద్దు.

సెర్చ్‌లో ఒక పేరు ఎదురుగా Abandoned అని కనిపిస్తే ఆ దరఖాస్తు ఆగిపోయిందని మాత్రమే అర్థం. ఆ వ్యాపారి ఇంకా అమ్ముతూ ఉండవచ్చు. రిజిస్ట్రేషన్ లేకున్నా, మీకంటే ముందు నుంచి ఆ పేరుతో అమ్ముతూ మంచిపేరు తెచ్చుకున్నవాళ్లు మీ మీద కోర్టుకెక్కవచ్చు. అందుకే గూగుల్, ఇన్‌స్టాగ్రామ్, అమెజాన్‌లలోనూ వెతకాలి. అక్కడ దొరికే చిన్న వ్యాపారులు చాలామంది రిజిస్ట్రీలో అసలు కనిపించరు.

అన్నీ సరిపోతే దరఖాస్తు చేయించండి, అదీ మీ పేరునే. సరుకు చేసిచ్చే తయారీదారు పేరున వేస్తే, రేపు అతన్ని మార్చుకున్నప్పుడు బ్రాండు అతని దగ్గరే ఉండిపోతుంది. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకు ప్రభుత్వ రుసుము 4,500 రూపాయలు, అంటే పచ్చళ్లకు, పొడులకు కలిపి 9,000. జర్నల్‌లో ప్రచురించాక ఎవరైనా అభ్యంతరం చెప్పడానికి 4 నెలల గడువు ఉంటుంది. ఆ లోపు లేబుళ్లు వేలల్లో అచ్చు వేయించకుండా కొద్దికొద్దిగా వేయించుకోండి. పేరు పక్కన ™ మొదటి రోజు నుంచీ వేసుకోవచ్చు. ® మాత్రం రిజిస్ట్రేషన్ చేతికొచ్చాకే. ముందే వేస్తే అది నేరం.