లోడ్ పెరిగితే షంట్ మోటార్ వేగం ఎంత తగ్గుతుంది?

లేత్ మీద ఇనుప కడ్డీని తిప్పుతూ కటింగ్ టూల్‌ను లోపలికి తోస్తే మోటార్ మీద బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. అయినా డీసీ షంట్ మోటార్ వేగం కొద్దిగా మాత్రమే తగ్గుతుంది. ఆ కొద్ది ఎంతో కాగితం మీద తేల్చవచ్చు.

220 వోల్టుల మోటార్ ఒకటి తీసుకుందాం. ఆర్మేచర్ నిరోధం 0.5 ఓమ్, ఫీల్డ్ చుట్ట నిరోధం 220 ఓమ్‌లు. ఫీల్డ్ నేరుగా సరఫరాకే కలిసి ఉంటుంది కాబట్టి లోడ్ ఎలా ఉన్నా దానికి 1 ఆంపియర్ పోతుంది. ఖాళీగా తిరిగేటప్పుడు మోటార్ 3 ఆంపియర్లు లాగుతూ 1500 ఆర్‌పీఎం వేగంతో తిరుగుతోందనుకోండి. ఫీల్డ్ వాటా తీసేస్తే ఆర్మేచర్‌కు 2 ఆంపియర్లు. చాలామంది విద్యార్థులు ఈ తీసివేత మరిచి మొత్తం కరెంటుతోనే లెక్క మొదలుపెడతారు.

2 ఆంపియర్లను 0.5తో గుణిస్తే 1 వోల్టు. ఆర్మేచర్‌లో పడిపోయేది అంతే. మిగిలిన 219 వోల్టులు, తిరిగే ఆర్మేచర్ తనలో తానే పుట్టించి సరఫరాకు ఎదురుగా నిలబెట్టే బ్యాక్ ఈఎంఎఫ్. అయస్కాంత క్షేత్రం మారనంతవరకు వేగం ఈ ఎదురు వోల్టేజీని బట్టే ఉంటుంది.

ఇప్పుడు టూల్ లోతుగా దిగింది. వేగం కాస్త తగ్గగానే బ్యాక్ ఈఎంఎఫ్ తగ్గి, ఆ సందులో కరెంటు ఎక్కువగా చొరబడుతుంది. లోడ్‌కు సరిపడా బలం వచ్చేదాకా ఇది సాగుతుంది. మీటర్ 31 ఆంపియర్లు చూపితే ఆర్మేచర్‌ది 30. వోల్టేజీ పాటు 15, బ్యాక్ ఈఎంఎఫ్ 205.

వేగం = 1500 × 205 ÷ 219 = 1404

ఆర్మేచర్ కరెంటు 15 రెట్లయినా వేగం తగ్గింది 96 ఆర్‌పీఎం మాత్రమే. 0.5 ఓమ్ చిన్నది కావడమే దీనికి కారణం. ఇక్కడ 219 బదులు 220తో భాగిస్తే 1398 వస్తుంది. 1500 అనేది 219 వోల్టుల దగ్గరి వేగమని గుర్తుంచుకోవాలి.

టాకోమీటర్ పెట్టి చూస్తే అంకె కొంచెం తేడాగా ఉండవచ్చు. గంటసేపు నడిచి రాగి వేడెక్కి నిరోధం 0.6 అయితే ఇదే లోడ్‌కు లెక్క 1384 చెబుతుంది. కానీ ఫీల్డ్ చుట్ట కూడా వేడెక్కి క్షేత్రం బలహీనపడుతుంది. భారీ కరెంటు దగ్గర ఆర్మేచర్ రియాక్షన్ కూడా క్షేత్రాన్ని తగ్గిస్తుంది. ఈ రెండూ వేగాన్ని పైకే లాగుతాయి. అందుకే లోడ్ పెరిగేకొద్దీ వేగం పెరుగుతోందంటే ఆర్మేచర్ నిరోధాన్ని అనుమానించకుండా ముందు ఫీల్డ్‌ను చూడాలి.

ఆగి ఉన్న మోటార్‌కు బ్యాక్ ఈఎంఎఫ్ సున్నా. ఇదే సూత్రంతో 220ని 0.5తో భాగించండి: 440 ఆంపియర్లు! దాన్ని 45కు కట్టడి చేయాలంటే ఆర్మేచర్‌కు వరుసలో సుమారు 4.4 ఓమ్‌ల నిరోధం కావాలి. స్టార్టర్‌లో ఉండేది అదే. అది లేకుండా ఇలాంటి మోటార్‌కు నేరుగా స్విచ్ వేయకండి.