నెట్‌లో దొరికిన కొల్లేరు, పిల్ల రాసిన కొల్లేరు

ఏలూరు దగ్గర తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయికి సోషల్ టీచర్ 'కొల్లేరు సరస్సు' మీద ప్రాజెక్టు ఇచ్చారనుకుందాం. సోమవారం అప్పగించాలి. ఆదివారం సాయంత్రం నాన్న ఫోన్‌లో వెతికి, దొరికిన నాలుగు పేజీలను వాట్సాప్‌లో జిరాక్స్ షాపుకు పంపితే, పది నిమిషాల్లో రంగు బొమ్మలతో సహా ప్రింటు చేతికొస్తుంది. దాన్ని చూసి తెల్లకాగితాల మీద అందంగా ఎక్కించి, చుట్టూ స్కెచ్ పెన్నుతో బోర్డరు గీస్తే ప్రాజెక్టు అయిపోయినట్టే. తరగతిలో సగం మంది తెచ్చేది ఇదే.

ఇది కాపీ అని కనిపెట్టడానికి టీచరుకు ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. వాక్యాల చివర [3], [7] అని చదరపు బ్రాకెట్లలో అంకెలు అలాగే ఉండిపోతాయి. కొల్లేరు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఉందని రాసి ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా ఏర్పడ్డాక సరస్సు ప్రధానంగా ఆ జిల్లాలోకే వచ్చింది. తాను ఉంటున్న జిల్లా పేరే తన ప్రాజెక్టులో తప్పుగా పడినా ఆ అమ్మాయి గమనించలేదంటే, చేత్తో రాసింది గానీ చదవలేదన్నమాట.

అలాగని ఆ కాగితాలను చించి పారేయాల్సిన పని లేదు. సమాచారం సేకరించడం ప్రాజెక్టులో మొదటి మెట్టే, కాకపోతే పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు. ఆ ప్రింటునే ముందు పెట్టుకుని కూర్చుంటే ఒకటి రెండు సాయంత్రాల్లో సొంత నివేదిక తయారవుతుంది.

అమ్మో నాన్నో మొదట చేయాల్సింది, ప్రింటునంతా పెన్సిలు పట్టుకుని పిల్లతో చదివించడం. అర్థమైన వాక్యం పక్కన టిక్కు, అర్థం కానిచోట ప్రశ్నార్థకం పెట్టమనాలి. రెండు చోట్ల రెండు రకాలుగా ఉన్న సంగతి కనిపిస్తే దాని చుట్టూ సున్నా చుట్టమనాలి. కొల్లేరు విషయంలో ఆ సున్నా తప్పకుండా పడుతుంది. ఒక పేజీలో సరస్సు వైశాల్యం 308 చదరపు కిలోమీటర్లు అని ఉంటుంది, ఇంకో పేజీలో 901 అని. కాపీ కొట్టిన పిల్ల రెండింటినీ వేర్వేరు పేరాల్లో రాసేసుకుని పోతుంది. చదివిన పిల్ల మాత్రం ఆగి, "ఒకే సరస్సు ఇంత తేడాగా ఎలా ఉంటుంది నాన్నా?" అని అడుగుతుంది.

ఇక ప్రాజెక్టు అదే. 'కొల్లేరు సరస్సు' అనే పేరు కొట్టేసి, 'కొల్లేరు ఎంత పెద్దది?' అని రాసుకోవచ్చు. అంశం మాత్రమే ఉంటే పిల్లలు నెట్‌లో దొరికిందంతా నింపుతారు. ప్రశ్న ఉంటే దానికి జవాబు చెప్పని పేరాలు వాటంతటవే పక్కకు పోతాయి. వలస పక్షుల పేర్ల జాబితా, పర్యాటక వివరాలు ఈ నివేదికలో అవసరం లేదు. నాలుగు పేజీలు ఒకటిన్నర పేజీ అయినా ఏమీ తక్కువ కాదు.

జవాబు వెతికితే దొరుకుతుంది. కొల్లేటి ఊళ్లలో అందరి నోటా వినిపించే 'ఐదో కాంటూరు' అంటే సముద్ర మట్టానికి ఐదు అడుగుల ఎత్తులో ఉన్న హద్దు. నీరు ఆ హద్దు దాకా ఉంటే సరస్సు సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది ఇంతవరకే. నీరు పదో కాంటూరు దాకా పెరిగితే 901. 2002లో అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్‌లో చేరినప్పుడు నమోదైన 90,100 హెక్టార్లు ఈ రెండో లెక్కే. రెండు అంకెలూ నిజమే, కొలిచిన హద్దులే వేరు. ఇది తేల్చుకున్న పిల్లకు ఆ అంకెలు ఇక బట్టీ పట్టాల్సినవి కావు.

రాసే దగ్గర ఎక్కువ మంది జారిపడతారు. "సొంత మాటల్లో రాయి" అంటే పిల్లలు మాటకు మాట మారుస్తారు. ప్రింటులో "కొల్లేరు సహజ వరద నియంత్రణ జలాశయంగా పనిచేస్తుంది" అని ఉంటే, "కొల్లేరు ప్రకృతి సిద్ధంగా వరదలను అదుపు చేసే సరస్సుగా ఉపయోగపడుతుంది" అని రాస్తారు. మాటలు మారినా వాక్యం పాతదే, ఆ పనిచేయడం ఏమిటో పిల్లకు ఇంకా తెలియదు. ఇక్కడ కాగితం మూసేసి, "వాన పడితే ఏమవుతుందో నాకు చెప్పు" అని అమ్మ అడగాలి. పిల్ల తడుముకుంటూ చెబుతుంది. ఎక్కడ ఆగిపోతే అక్కడికి మాత్రం ప్రింటు తెరిచి చూసి, మళ్లీ మూసి చెప్పాలి. అలా చెప్పిన మాటలనే వెంటనే రాసుకుంటే ఇలా వస్తుంది: "వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీళ్లు ముందు కొల్లేటిలో చేరతాయి. అక్కడి నుంచి ఉప్పుటేరు మీదుగా మెల్లగా సముద్రానికి పోతాయి. కొల్లేరు పట్టుకోలేనప్పుడు ఆ నీళ్లు పొలాల మీదికి వస్తాయి." ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదు, విషయం మాత్రం మొత్తం ఉంది. అమ్మ ఆ వాక్యాలను దిద్ది గ్రాంథికం చేయకపోతే చాలు.

అన్నిటినీ మార్చాలని పట్టుబట్టడమూ పొరపాటే. సంవత్సరాలు, వైశాల్యాలు, పేర్లు ఎవరు రాసినా ఒకటే. ఎవరైనా చెప్పిన మాటను ఉన్నదున్నట్టు వాడాలనుకుంటే కొటేషన్లు పెట్టి వాళ్ల పేరు రాయాలి. చివరి పేజీలో ఏ సంగతి ఏ వెబ్‌సైటులో ఏ తేదీన చూశారో రెండు మూడు వరుసలు రాస్తే సరిపోతుంది. అతికించిన ఫోటోలకూ ఇదే వర్తిస్తుంది.

నెట్‌లో ఎక్కడా లేనిది కనీసం ఒక్కటి ఉంటే నివేదికకు ప్రాణం వస్తుంది. పెద్ద పళ్లెంలో బంకమట్టితో చాలా తక్కువ వాలున్న గుంట చేసి, నీళ్లు పోసి అంచు నుంచి అంచుకు స్కేలుతో కొలవాలి. మట్టం ఒక సెంటీమీటరు పెంచి మళ్లీ కొలవాలి. వాలు ఎక్కువగా ఉన్న గుంటతోనూ అదే చేస్తే, తక్కువ వాలున్న చోట నీరు ఎంత దూరం పాకుతుందో పిల్ల కళ్లతో చూస్తుంది. ఐదు అడుగులకే సరస్సు దాదాపు మూడింతలు కావడానికి కారణం ఇదే. పళ్లెం లెక్క కొల్లేటి కచ్చితమైన కొలతలు ఇవ్వదని కూడా నివేదికలో రాయాలి. ఆ చుట్టుపక్కల ఊళ్లో చుట్టాలుంటే, 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు ఏం చూశారో తాతయ్యను అడిగి రాసుకోవచ్చు. ఆయన చెప్పింది ఆయన జ్ఞాపకంగానే రాయాలి, అందరి అభిప్రాయంగా కాదు.

పిల్ల నిద్రపోయాక పెద్దలు కూర్చుని పూర్తి చేసే ప్రాజెక్టులు కూడా కాపీలే. అవి నెట్ నుంచి కాక నాన్న నుంచి వచ్చాయి, అంతే తేడా.

టీచర్ల చేతిలో ఉన్నది ఇంకా ఎక్కువ. నలభై మందికి ఒకే అంశం ఇస్తే నలభై ప్రింట్లే వస్తాయి. 'మీ ఊరి చెరువులో నీరు ఎక్కడి నుంచి వచ్చి ఎటు పోతుంది?' అని అడిగితే ప్రింటు తీయడానికి పేజీ దొరకదు. మార్కులు వేసే ముందు ఒక్కొక్కరినీ రెండే ప్రశ్నలు అడగొచ్చు: ఈ అంకె ఎక్కడిది, ఈ వాక్యానికి అర్థమేమిటి? జవాబు చెప్పలేని పిల్లను తరగతిలో నిలబెట్టి తిట్టకుండా, కాగితాలు తిరిగిచ్చి రెండు రోజులు గడువిస్తే చాలామంది సరిచేసుకుని వస్తారు. వచ్చే ప్రాజెక్టు నుంచి టిక్కులు, ప్రశ్నార్థకాలు ఉన్న ఆ పాత ప్రింటును, చిత్తు కాగితాలను కూడా నివేదికకు జత చేయమనండి. బోర్డరుకు వేసే మార్కుల్లో కొన్నయినా వాటికి వేయండి.