పటంలో పొలం గట్టు ఎందుకు జరుగుతుంది

పొలం మూలన ఉన్న సర్వే రాయి స్థానాన్ని జీఐఎస్‌లో రెండు అంకెలుగా రాస్తారు. ఆ అంకెల్ని ఎక్కడి నుంచి, ఏ ఆకారపు భూమి మీద కొలిచారో తెలియకపోతే వాటితో రాయిని వెతకడం సాధ్యం కాదు. ఈ వివరాలన్నీ కలిపినదే కోఆర్డినేట్ వ్యవస్థ. పాత వ్యవస్థలోని అంకెల్ని కొత్త వ్యవస్థలోకి మార్చినప్పుడు అంకెలు మారాలి, రాయి మాత్రం నేల మీద ఉన్నచోటే ఉండాలి. చాలా కార్యాలయాల్లో జరిగేది దీనికి తలకిందులు: అంకెలు అలాగే ఉంటాయి, రాయి జరుగుతుంది.

కారణం సాఫ్ట్‌వేర్‌లో పక్కపక్కనే కనిపించే రెండు పనుల్ని ఒకటే అనుకోవడం. క్యూజీఐఎస్‌లో `Set Layer CRS` అంకెల్ని ముట్టుకోదు, ఇవి ఫలానా వ్యవస్థలోవి అని పేరు మాత్రమే తగిలిస్తుంది. `Reproject Layer` అంకెల్నే లెక్కగట్టి మారుస్తుంది. మొదటిది లేయర్ అసలు ఏ వ్యవస్థలో తయారైందో చెప్పడానికి, రెండోది దాన్ని వేరే వ్యవస్థలోకి తేవడానికి. రెండోది చేయాల్సిన చోట మొదటిది చేస్తే ఊరికి ఊరే కదులుతుంది.

ఎంత కదులుతుందన్నది వ్యవస్థల్ని బట్టి ఉంటుంది. అనంతపురం యూటీఎం 43వ జోన్‌లో ఉంది. 78 డిగ్రీల రేఖాంశం దాటాక ఉన్న కర్నూలు నగరం 44లోకి వస్తుంది. అనంతపురం పొలానికి 44 అని పేరు తగిలిస్తే అది దాదాపు 640 కిలోమీటర్లు తూర్పుకు జరిగి బంగాళాఖాతంలో తేలుతుంది. ఇలాంటి తప్పు మంచిదే అనాలి, చూడగానే దొరికిపోతుంది కాబట్టి. ప్రమాదమంతా మీటర్ల లెక్కన ఉండే తప్పులతోనే.

వాటికి మూలం డేటమ్. భారతదేశపు పాత సర్వే పటాలకు ఆధారం 1830 నాటి ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్. మధ్యప్రదేశ్‌లోని కల్యాణ్‌పూర్‌ను మూలబిందువుగా తీసుకుని, భారత ఉపఖండానికి బాగా అతికేలా దాన్ని అమర్చారు. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 భూమి మొత్తానికి సరిపడేలా చేసినది. రెండింటి భూమధ్యరేఖా వ్యాసార్ధాల మధ్యే 800 మీటర్లకు పైగా తేడా ఉంది, కేంద్రాలూ ఒకచోట లేవు. అందువల్ల గుంటూరు ప్రాంతంలో పాత అక్షాంశ రేఖాంశాల్ని మార్చకుండా డబ్ల్యూజీఎస్ 84గా చూపితే పొలం సుమారు 170 మీటర్లు తూర్పుకూ, 130 మీటర్లు దక్షిణానికీ జరిగి కనిపిస్తుంది. మీటర్లలో రాసిన యూటీఎం అంకెలైతే ఎలిప్సాయిడ్ పరిమాణంలోని తేడా కూడా తోడై జరుగుబాటు 300 మీటర్లు దాటుతుంది.

సరిగ్గా రీప్రొజెక్ట్ చేస్తే ఈ తేడాలో చాలాభాగం పోతుంది. ఉదాహరణకు 44వ జోన్‌లోని పాత లేయర్‌కు ఆదేశం ఇలా ఉంటుంది:

```
ogr2ogr -s_srs EPSG:24344 -t_srs EPSG:32644 kotta.gpkg paata.shp
```

అయితే చాలాభాగం పోయిందంటే మొత్తం పోయిందని కాదు. భారత్, నేపాల్‌లకు కలిపి ప్రచురించిన ప్రామాణిక సవరణ మూడు అక్షాల మీద 295, 736, 257 మీటర్లు. దాని కచ్చితత్వం ఒక్కో అక్షం మీద 10 నుంచి 15 మీటర్లని ప్రచురించినవాళ్లే చెప్పారు. దేశమంతటికీ ఒకే సవరణ కాబట్టి అంతకంటే బాగా కుదరదు. జిల్లా పటానికి అది చాలు, గట్టుకు చాలదు. పది మీటర్లంటే పక్కవాడి పొలం.

మిగిలిన తేడాను తీర్చేది నేల మీది రాళ్లే. మూడు ఊళ్ల పొలిమేరలు కలిసేచోట ఉండే రాళ్లు, కదలకుండా మిగిలిన పాత సర్వే రాళ్లు ఎంచుకుని, వాటిని కార్స్ కేంద్రాలకు అనుసంధానమైన రోవర్‌తో కొలుస్తారు. రీప్రొజెక్ట్ చేసిన లేయర్‌లో అవే రాళ్ల స్థానాలు ఎంత తేడాగా ఉన్నాయో చూస్తారు. ఒక ఊళ్లో ఐదు రాళ్లకు వచ్చిన తేడాలు ఇవీ అనుకుందాం. మొదటి నాలుగూ తూర్పుకు 4.1, 4.3, 4.0, 4.2 మీటర్లు, దక్షిణానికి 2.6, 2.4, 2.7, 2.5 మీటర్లు జరగాలి. ఐదోది తూర్పుకు 6.8, దక్షిణానికి 0.3 జరగాలి.

ఈ అంకెల్ని చదవడంలోనే అసలు నైపుణ్యం ఉంది. నాలుగు రాళ్లు దాదాపు ఒకే దిక్కుకు, ఒకే దూరం జరగమంటున్నాయంటే లోపం డేటమ్ సవరణది. ఊరి లేయర్ మొత్తాన్ని సగటున 4.15 మీటర్లు తూర్పుకూ, 2.55 మీటర్లు దక్షిణానికీ ఒక్కసారే జరిపితే ఆ నాలుగింట్లో మిగిలే తేడా 20 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఐదో రాయి మాత్రం ఇంకా మూడున్నర మీటర్లు దూరంగానే ఉంటుంది. దాన్ని సగటులో కలపకూడదు. ఆ రాయిని ఎవరైనా జరిపారేమో, పాత కొలతే తప్పేమో ఎఫ్ఎంబీలోని లింకుల కొలతలతో నేల మీద తేల్చాలి. అలా కాక ఊరి ఒక చివర నుంచి మరో చివరకు తేడా క్రమంగా పెరుగుతూ పోతే లేయర్ కాస్త తిరిగిందనో, దాని స్కేలు తప్పిందనో అర్థం. అప్పుడు జరపడంతో పాటు తిప్పడం, స్కేలు సరిచేయడం కూడా ఉండే హెల్మర్ట్ సవరణ వాడాలి. సరిచేశాక, లెక్కలో వాడని మరో రాయి దగ్గర తేడా చూస్తే పని ఎంత బాగా కుదిరిందో తెలుస్తుంది.

ఇక్కడే ఒక ఆకర్షణ ఎదురవుతుంది. జియోరెఫరెన్సింగ్ పరికరంలో థిన్ ప్లేట్ స్ప్లైన్ ఎంచుకుంటే ఐదు రాళ్లూ సున్నా తేడాతో అతుక్కుంటాయి. నివేదికలో అది చాలా బాగుంటుంది. కానీ జరిగిన ఐదో రాయిని చేరడం కోసం దాని చుట్టూ ఉన్న పొలాలన్నీ రబ్బరులా సాగుతాయి, తిన్నని గట్లు వంగుతాయి, విస్తీర్ణాలు మారతాయి. ఊరంతటినీ కలిపి జరిపినప్పుడు గట్టుకూ గట్టుకూ మధ్య దూరం చెక్కుచెదరదు.

అంకెల్ని కొత్త వ్యవస్థలోకి మార్చి, తిరిగి వెనక్కి తెచ్చి, మొదటి అంకెలే వచ్చాయి కాబట్టి పని సరైందని నమ్మేవాళ్లూ ఉన్నారు. తప్పు సవరణ వాడినా వెళ్లినంత దూరమే వెనక్కి వస్తుంది. ఆ పరీక్ష లెక్కలో గుండ్రం చేయడం వల్ల వచ్చే తేడాను మాత్రమే పట్టిస్తుంది. అదీ చిన్నదేమీ కాదు: డిగ్రీల్లో ఐదు దశాంశాలకు కత్తిరిస్తే ఒక్క అంకె తేడా మీటరు పైచిలుకు. గట్ల కోసం ఎనిమిది దశాంశాలైనా ఉంచాలి, ఊళ్లోని పొలాలన్నిటినీ ఒకే లేయర్‌గా మార్చాలి. ఒక్కో పొలాన్ని విడివిడిగా, వేర్వేరు సవరణలతో మారిస్తే ఉమ్మడి గట్టు రెండు గీతలవుతుంది.

విస్తీర్ణాన్ని ఎక్కడ కొలుస్తున్నారన్నది మరో చిక్కు. ఇంటర్నెట్ పటాలు వాడే వెబ్ మెర్కేటర్‌లో గుంటూరు దగ్గరి ఎకరం దాదాపు ఎకరా 9 సెంట్లుగా లెక్కకొస్తుంది. యూటీఎం 44వ జోన్‌లో మధ్యరేఖ దగ్గర దూరాలు పది వేలకు నాలుగు వంతులు తగ్గుతాయి కాబట్టి ఎకరానికి నాలుగు గజాల లోపే కొరవ పడుతుంది. క్యూజీఐఎస్‌లో ప్రాజెక్ట్ ఎలిప్సాయిడ్ పెట్టి ఉంటే `$area` భూమి వంపు మీద కొలుస్తుంది, `area(@geometry)` చదును పటం మీద కొలుస్తుంది. అడంగల్‌లోని విస్తీర్ణంతో పోల్చడానికి మొదటిదే వాడాలి. రెండోది వెబ్ మెర్కేటర్ లేయర్ మీద వాడితే గట్లన్నీ సరైన చోటే ఉన్నా ఊళ్లో ప్రతి రైతుకూ ఎకరాకు 9 సెంట్ల భూమి ఎక్కువ కనిపిస్తుంది.