నొక్కాల్సింది ఎంటరా, సెంటరా?

ఎక్సెల్ నేర్పే వీడియోలో ఒక మాస్టారు ఇలా అన్నారనుకుందాం: "కింద ఈ సెల్‌లో ఫార్ములా టైప్ చేసి ఎంటర్ నొక్కితే టోటల్ వచ్చేస్తుంది." మొత్తం పది మాటలు. వాటిలో ఐదు ఇంగ్లిషు నుంచి వచ్చినవే. మన కంప్యూటర్ క్లాసులు ఇలాగే నడుస్తాయి. 'గడిలో సూత్రం రాయండి' అంటే పిల్లలు మొహమొహాలు చూసుకుంటారు.

ఈ వాక్యాన్ని మాటను రాతగా మార్చే రెండు యంత్రాలకు వినిపించాం. మొదటిది ఇలా రాసింది:

```
కింద ఈ cell లో formula type చేసి enter నొక్కితే total వచ్చేస్తుంది
```

రెండోది ఇలా:

```
కింద ఈ సెల్‌లో ఫార్ములా టైప్ చేసి సెంటర్ నొక్కితే టోటల్ వచ్చేస్తుంది
```

ఏది మేలు? చదివే మనిషిని అడిగితే మొదటిదే అంటాడు, అందులో తప్పే లేదు. రెండోది నమ్మినవాడు కీబోర్డు మీద లేని సెంటర్ కోసం వెతుక్కుంటూ కూర్చుంటాడు. కానీ ఈ రంగంలో అందరూ వాడే కొలత దీనికి తలకిందులుగా మార్కులేస్తుంది.

ఆ కొలత పేరు వర్డ్ ఎర్రర్ రేట్. ముందు ఒక మనిషి విని సరైన పాఠం రాసిపెడతాడు. యంత్రం రాసినదాన్ని దాని పక్కన పెట్టి మారిపోయిన మాటలు, ఎగిరిపోయిన మాటలు, అదనంగా చేరిన మాటలు లెక్కపెడతారు. మూడింటినీ కూడి, సరైన పాఠంలోని మాటల సంఖ్యతో భాగిస్తారు. మన సరైన పాఠం మొత్తం తెలుగు లిపిలో ఉంది కదా. కాబట్టి మొదటి యంత్రం రాసిన ఇంగ్లిషు అక్షరాల మాటలు ఐదూ 'మారిపోయినవి' కిందికి వస్తాయి. 'సెల్‌లో' నుంచి విడిపోయిన 'లో' అదనపు మాట అవుతుంది. పదికి ఆరు తప్పులు, అంటే 60 శాతం. రెండో యంత్రానిది పదికి ఒకటి, 10 శాతం. తెలుగు వీడియోల మీద ఫలానా సాఫ్ట్‌వేర్ ఇంత శాతం కచ్చితం అని ఎవరైనా చెబితే, ఇంగ్లిషు మాటల్ని ఏ లిపిలో లెక్కపెట్టారని నేను మొదట అడిగేది ఇందుకే.

దీనికి మందు ఉంది. పోల్చే ముందు రెండు పాఠాల్నీ ఒకే లిపిలోకి మార్చాలి. గూగుల్ పరిశోధకులు 2018లో భారతీయ భాషల కోసం ప్రతిపాదించిన పద్ధతి ఇదే. మన ఉదాహరణలో cellను 'సెల్' అనీ, enterను 'ఎంటర్' అనీ మార్చేసరికి 60 శాతం కాస్తా 20కి దిగుతుంది. మిగిలిన 20 శాతమూ 'సెల్‌లో', 'సెల్ లో' అనే తేడా తెచ్చిన తంటా. తెలుగులో విభక్తి మాటకు అతుక్కుంటుంది, యంత్రం దాన్ని విడదీసింది. అతికిస్తే తప్పులు సున్నా. కంటికి కనబడని చిక్కు ఇంకొకటి ఉంది. 'టైప్' లాంటి పొల్లు మాట చివర కొన్ని కీబోర్డులు కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తాయి. చూడ్డానికి రెండు మాటలూ ఒకేలా ఉంటాయి, కంప్యూటర్‌కు మాత్రం వేరు. లెక్కకు ముందు అలాంటివి తుడిచేయాలి. లేదంటే వెతికి మార్చేటప్పుడు కూడా అవి దొరకవు.

లెక్క సరిచేశాక మిగిలినవే అసలు తప్పులు. 'సెంటర్' ఎక్కడి నుంచి వచ్చింది? వేగంగా మాట్లాడేటప్పుడు 'చేసి ఎంటర్' అనేది నోట్లో 'చేసెంటర్' అవుతుంది. యంత్రం తాను బాగా ఎరిగిన 'సెంటర్'ను అందులో పట్టుకుంది. చేసి, వచ్చి లాంటి క్త్వార్థకాల ఇకారానికి సంధి లేదని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం చేశాడు. మన నాలుక ఆ సూత్రం చదవలేదు, అంతే. మిశ్రమ భాషలో ఇలాంటి తప్పులు ఎక్కువగా అతుకుల దగ్గరే పుడతాయి: తెలుగు మాట ముగిసి ఇంగ్లిషు మాట మొదలయ్యే చోట, లేదా ఇంగ్లిషు మాటకు మన విభక్తి తగిలే చోట.

ఇక వీడియో మొత్తాన్నీ చెడగొట్టే తప్పు వేరే ఉంది. ఓపెన్ఏఐ సంస్థ 2022 సెప్టెంబరులో ఉచితంగా విడుదల చేసిన విస్పర్‌నే తీసుకోండి. 6,80,000 గంటల ధ్వనితో నేర్పిన ఈ మోడల్‌కు అందిన తెలుగు రాతప్రతుల వాటా నామమాత్రం. భాష ఏదో మనం చెప్పకపోతే మొదటి 30 సెకన్లు విని అదే నిర్ణయించుకుంటుంది. మనవాళ్ళ వీడియోలు ఎలా మొదలవుతాయి? "హలో ఫ్రెండ్స్, వెల్‌కమ్ బ్యాక్ టు మై ఛానల్." ఇంకేముంది, ఇది ఇంగ్లిషు వీడియో అనుకుంటుంది. ఆ తర్వాత వచ్చే తెలుగంతా అరకొర ఇంగ్లిషు అనువాదంగానో, అర్థంలేని మాటలుగానో బయటికొస్తుంది. సబ్‌టైటిల్ ఫైలు నిండా ఇంగ్లిషే కనిపిస్తే కారణం ఇదే. భాష పేరు మనమే చెబితే సరిపోతుంది:

```
whisper part01.wav --model large-v3 --language te \
  --condition_on_previous_text False \
  --initial_prompt "సెల్, ఫార్ములా, ఎంటర్, టోటల్" \
  --output_format srt
```

ఇందులో రెండో వరుస, ముందు రాసినదాన్ని చూసి తర్వాతది రాయవద్దని చెబుతుంది. అలా చెప్పకపోతే ఒకచోట పట్టుకున్న తప్పుడు మాటను కొన్నిసార్లు అరిగిన రికార్డులా పదేపదే రాస్తుంది. మూడో వరుసలో ఉన్నది ఆ వీడియోలో వచ్చే మాటల చిట్టా. 'ఎంటర్' అనే మాట వస్తుందని ముందే చెవిన వేస్తే 'సెంటర్' వైపు మొగ్గే అవకాశం తగ్గుతుంది, పూర్తిగా పోదు.

ఫైలు పేరు part01 అని ఎందుకు పెట్టానంటే, పొడవైన వీడియోను మాట ఆగిన చోట్ల 15 సెకన్లకు మించని ముక్కలుగా కోసి ఇవ్వడం మంచిది. విస్పర్ ధ్వనిని 30 సెకన్ల చొప్పున తీసుకుంటుంది. ఒక్కో విడతలో రాయగలిగినదానికి ఒక పరిమితి ఉంది. ఇంగ్లిషులో ఒక మాట సాధారణంగా ఒకటి రెండు తునకల్లో ఇమిడిపోతుంది. అదే తెలుగులో ఒక్కో అక్షరానికే ఒకటికి మించి తునకలు పట్టవచ్చు. గబగబా మాట్లాడే మనిషైతే 30 సెకన్లు పూర్తికాకముందే కోటా అయిపోయి, చివరి మాటలు గల్లంతవుతాయి. మనిషి మాట్లాడుతూనే ఉన్నా తెర మీద సబ్‌టైటిల్ రాని చోట్లు తరచుగా కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. పైగా ముక్కలు చేస్తే మాటల చిట్టా ప్రతి ముక్కకీ అందుతుంది. లేకపోతే పై ఆదేశంలో దాని ప్రభావం మొదటి 30 సెకన్లతోనే ఆగిపోతుంది. ముక్కల్ని తిరిగి కలిపేటప్పుడు సమయాలు జరపడం మరిచిపోకూడదు.

ఇంత చేశాక కూడా మిగిలే తప్పుల్ని చేత్తోనే దిద్దాలి. ఇక్కడ తొందరపడితే కొత్త తప్పులు పుడతాయి. ఫైలంతా 'సెంటర్' తీసేసి 'ఎంటర్' పెట్టారనుకోండి, అదే వీడియోలో తర్వాతెక్కడో మాస్టారు హెడింగును సెంటర్ చేయమని చెప్పిన చోట 'ఎంటర్ చేయండి' అని కూర్చుంటుంది. అందుకని ఒంటి మాటను కాకుండా జంట మాటల్ని మార్చాలి. 'సెంటర్ నొక్క' అని ఉన్నచోటే 'ఎంటర్ నొక్క' అని పెడితే మిగతావి పదిలంగా ఉంటాయి.

చెవితో విని దిద్దే ఓపిక కొంచెమే ఉంటే దాన్ని అంకెల మీదా, వ్యతిరేక క్రియల మీదా ఖర్చుపెట్టండి. ఫిఫ్టీన్ ఫిఫ్టీ కావడం, 'సేవ్ చేయకపోతే' అన్నది 'సేవ్ చేస్తే' కావడం, రెండూ ఒక్కో మాట తప్పులే. చదివేవాడికి అనుమానం కూడా రాదు, వాక్యం నున్నగానే ఉంటుంది. అక్షరదోషం ఉన్న 'ఫర్ములా'ను మాత్రం ఎవరైనా సర్దుకుని చదువుకుంటారు.

వెనక సంగీతం మోగుతున్నా, ఇద్దరు ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తున్నా పని చాలా కష్టమవుతుంది. నేనైతే మొదటి పలకరింపులు వదిలేసి వీడియో నడిమి నుంచి ఒక నిమిషం తీసుకుని దిద్ది చూస్తాను. మూడు మాటలకొకటి మార్చాల్సి వస్తే యంత్రం రాసింది పక్కనపెట్టి మొదటి నుంచీ టైప్ చేసుకుంటాను. తప్పుల తడక దిద్దడం కన్నా అదే త్వరగా అవుతుంది.