'లేదా'ను గొలుసులో బిగిస్తే

ఏసీ కొన్న చాలా ఇళ్లలో గోడకు స్టెబిలైజర్ కూడా ఉంటుంది. చాలా వాటి మీద 170 నుంచి 270 వోల్టులు అని రాసి ఉంటుంది. వోల్టేజీ ఆ హద్దుల్లో ఉన్నంతసేపు ఏసీ నడుస్తుంది. గీత దాటితే స్టెబిలైజర్ సరఫరా ఆపేస్తుంది.

వోల్టేజీని V అనుకుందాం. ఏసీ నడవాలంటే V ≥ 170 మరియు V ≤ 270. రెండు షరతులూ ఒకేసారి నిజం కావాలి కాబట్టి వాటిని కలిపి 170 ≤ V ≤ 270 అని రాయొచ్చు. మరి ఆగిపోయే షరతు? V < 170 లేదా V > 270. ఇందులో ఏ ఒక్కటి నిజమైనా చాలు.

చాలామంది విద్యార్థులు తప్పటడుగు వేసేది ఇక్కడే. మొదటిదాన్ని కలిపిన ఊపులో రెండోదాన్నీ కలిపి 270 < V < 170 అని రాసేస్తారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ V అటు 270 కంటే ఎక్కువగానూ, ఇటు 170 కంటే తక్కువగానూ ఉండాలని దాని అర్థం. అలాంటి వోల్టేజీ ఏ సబ్‌స్టేషన్ నుంచీ రాదు. మధ్యలోని V తీసేసి చూస్తే 270 < 170 అని మిగులుతుంది, తప్పు అక్కడే బయటపడుతుంది. ఈ లెక్కను నమ్మి తయారుచేసిన స్టెబిలైజర్ ఎప్పటికీ ఆగదు.

కారణం ఒక్కటే. రెండు గుర్తులతో రాసే ఆ గొలుసులో 'మరియు' దాగి ఉంటుంది. 'లేదా'కు అలాంటి పొట్టి రాత లేదు, రెండు ముక్కల్నీ విడిగా రాయాల్సిందే.

ఇంటర్మీడియట్‌లో వచ్చే x² > 9 లాంటి లెక్కలో ఈ రెండు మాటలూ ఒకేచోట పనిచేస్తాయి. 9ని ఇటు తెచ్చి కారణాంకాలు రాస్తే (x − 3)(x + 3) > 0. లబ్ధం ధనాత్మకం కావాలంటే రెండు కారణాంకాలూ ధనాత్మకం కావాలి, లేదా రెండూ రుణాత్మకం కావాలి. మొదటి సందర్భంలో x > 3 మరియు x > −3. రెండూ నిజమయ్యేది x > 3 అయినప్పుడే. రెండో సందర్భంలో x < 3 మరియు x < −3, అంటే x < −3. ఒక్కో సందర్భం లోపల 'మరియు' ఉంది, రెండు సందర్భాల మధ్య 'లేదా' ఉంది. జవాబు: x < −3 లేదా x > 3.

x² < 9 అయితే −3 < x < 3 సరైన జవాబే. దాన్ని చూసి గుర్తులు మాత్రం తిప్పి, x² > 9కి −3 > x > 3 అని రాయడం మామూలు పొరపాటు. x = 5 పెట్టి చూడండి. 25 > 9 నిజమే, కానీ −3 > 5 > 3లో మొదటి సగమే అబద్ధం. x = −5 పెట్టినా అంతే: 25 > 9 నిజం, −5 > 3 అబద్ధం. సరైన జవాబులో ఈ రెండు సంఖ్యలూ చోటు చేసుకుంటాయి, 0 మాత్రం బయటే ఉంటుంది.