రౌటర్‌లో డీఎన్‌ఎస్‌ ఎన్‌క్రిప్షన్‌: దాగేదేమిటి, దాగనిదేమిటి

రాత్రి పొద్దుపోయాక ఇంట్లో ఒకరు ఫోన్‌లో క్యాన్సర్‌ ఆసుపత్రి వెబ్‌సైటు తెరిచారనుకుందాం. వారు చదివే పేజీ, అందులో నింపే దరఖాస్తు ఎన్‌క్రిప్షన్‌ రక్షణలోనే ప్రయాణిస్తాయి. కానీ పేజీ తెరుచుకోవడానికి ముందే ఫోన్‌ ఒక ప్రశ్న పంపుతుంది: ‘ఈ పేరు గల సైటు ఏ సంఖ్యా చిరునామాలో ఉంది?’ దీనికి జవాబు చెప్పే వ్యవస్థే డీఎన్‌ఎస్‌. 1983లో రూపుదిద్దుకున్న ఈ పద్ధతిలో ప్రశ్న, జవాబు రెండూ తెరిచిన పోస్టుకార్డుల్లా వెళ్తాయి. దారిలో ఉన్నవారెవరైనా వాటిని చదవవచ్చు, జవాబును మార్చనూవచ్చు. సాధారణంగా ఆ పోస్టుకార్డు చేరేది ఇంటర్నెట్‌ సేవల సంస్థ సర్వర్‌కే. ఏ ఇంటి నుంచి, ఏ వేళలో, ఏ పేరు అడిగారో అక్కడ నమోదయ్యే అవకాశం ఉంది.

ఈ పోస్టుకార్డును కవరులో పెట్టే పద్ధతులు రెండు ప్రచారంలో ఉన్నాయి. 2016లో ప్రమాణంగా వెలువడిన ‘డీఎన్‌ఎస్‌ ఓవర్‌ టీఎల్‌ఎస్‌’ 853వ పోర్టు ద్వారా నడుస్తుంది. 2018లో వచ్చిన ‘డీఎన్‌ఎస్‌ ఓవర్‌ హెచ్‌టీటీపీఎస్‌’ మామూలు వెబ్‌ రాకపోకల్లో కలిసిపోయి 443వ పోర్టులో సాగుతుంది. రౌటర్‌లో వీటిలో ఒకదాన్ని అమర్చితే ఇంట్లోని ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలన్నీ రౌటర్‌ వద్ద చేరి, అక్కడి నుంచి కవరులో బయటకు వెళ్తాయి. టీవీ, నిఘా కెమెరా వంటి వాటిలో ఇలాంటి అమరిక చాలావరకు ఉండదు. రౌటర్‌లో పెట్టడం వల్ల కలిగే అసలు ప్రయోజనం అదే.

బ్రాడ్‌బ్యాండ్‌ సంస్థ ఇచ్చే పెట్టెల్లో అనేకం డీఎన్‌ఎస్‌ సర్వర్‌ సంఖ్యను మార్చనిస్తాయే కానీ, ఎన్‌క్రిప్షన్‌ అవకాశం ఇవ్వవు. అక్కడ కేవలం `1.1.1.1` అని రాసి ఊరుకుంటే పోస్టుకార్డు వేరే ఊరికి వెళ్తుందంతే, కవరు రాదు. ఎన్‌క్రిప్షన్‌కు వీలున్న రౌటర్‌ను సొంతంగా కొని ఆ పెట్టెకు తగిలించుకోవాలి. ఉదాహరణకు అసూస్‌ రౌటర్లు కొన్నింటిలో `WAN` పేజీలోని `DNS Privacy Protocol` వద్ద `DNS-over-TLS (DoT)` ఎంచుకుని, సర్వర్‌గా `1.1.1.1`ను, దాని పేరుగా `cloudflare-dns.com`ను ఇస్తారు. ఆ పక్కనే `Strict`, `Opportunistic` అనే రెండు ఎంపికలు కనిపిస్తాయి. మొదటిది అవతలి సర్వర్‌ ధ్రువపత్రాన్ని పరిశీలించి, పేరు సరిపోలితేనే ప్రశ్న పంపుతుంది. రెండోది ఆ పట్టింపు లేకుండా సర్దుకుపోతుంది. మధ్యలో ఎవరైనా ఆ సర్వర్‌గా నటిస్తే రెండో పద్ధతి పసిగట్టలేదు కాబట్టి మొదటిదే ఎంచుకోదగినది.

అయితే కఠిన పద్ధతిలో ఒక చిక్కుంది. అది ఎక్కువగా కరెంటు పోయి వచ్చినప్పుడే బయటపడుతుంది. చాలా రౌటర్లలో గడియారాన్ని నడిపే బ్యాటరీ ఉండదు. తిరిగి వెలిగినప్పుడు కొన్ని రౌటర్లు పాత తేదీతో మొదలవుతాయి. ఆ తేదీకి ధ్రువపత్రం ఇంకా జారీ కానట్లు తేలడంతో డీఎన్‌ఎస్‌ పనిచేయదు. సరైన సమయం తెచ్చుకోవాలంటే సమయ సర్వర్‌ పేరుకు చిరునామా కావాలి. అందుకు మళ్లీ డీఎన్‌ఎస్సే కావాలి. అలా రెండూ ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ నిలిచిపోతాయి. వైఫై ఉన్నట్లే కనిపించి ఒక్క సైటూ తెరుచుకోకపోతే, కంప్యూటర్‌లో కింది ఆదేశం ఇచ్చి చూడాలి.

```
ping 1.1.1.1
```

దీనికి జవాబు వస్తూ, రౌటర్‌ లాగ్‌లో ఏళ్ల నాటి తేదీ కనిపిస్తే కారణం ఇదే. సమయ సర్వర్‌ను పేరుతో కాక సంఖ్యతో, ఉదాహరణకు గూగుల్‌ సమయ సర్వర్‌ చిరునామా `216.239.35.0`తో, ఇస్తే ఈ ముడి విడిపోతుంది.

అమరిక నిజంగా పనిచేస్తున్నదా అన్నది వేరే ప్రశ్న. క్లౌడ్‌ఫ్లేర్‌ సర్వర్‌ వాడేవారు `https://one.one.one.one/help` పేజీ తెరిస్తే `Using DNS over TLS (DoT)` ఎదురుగా `Yes` కనిపించాలి. దానికి ముందు బ్రౌజర్‌లోని సొంత సెక్యూర్‌ డీఎన్‌ఎస్‌ను ఆపివేయాలి. లేకుంటే పేజీ చెప్పేది బ్రౌజర్‌ సంగతే తప్ప రౌటర్‌ సంగతి కాదు. `No` వస్తే మొదట అనుమానించవలసింది ఐపీవీ6ను. రౌటర్‌లో ఐపీవీ4 డీఎన్‌ఎస్‌ను మాత్రమే మార్చి ఉంటే, సేవల సంస్థ ఐపీవీ6 సర్వర్‌ చిరునామా యథాతథంగా ఫోన్లకు అందుతుంది. అవి రౌటర్‌ను అడగకుండా నేరుగా అక్కడికే పోస్టుకార్డులు పంపుతాయి. రౌటర్‌ ఐపీవీ6 అమరికల్లో డీఎన్‌ఎస్‌గా రౌటర్‌నే చూపాలి.

ఇవన్నీ సక్రమంగా జరిగాయనుకుందాం. ఆసుపత్రి సైటు తెరిచిన సంగతి ఇప్పుడు సేవల సంస్థకు తెలియదా? చాలా సందర్భాల్లో తెలుస్తుంది. చిరునామా తెలిశాక ఫోన్‌ ఆ సర్వర్‌తో మాట కలుపుతుంది. ఒకే సర్వర్‌లో అనేక సైట్లు ఉండవచ్చు కాబట్టి, ఏ సైటు ధ్రువపత్రం కావాలో తొలి సందేశంలోనే పేరుతో చెబుతుంది. ఎస్‌ఎన్‌ఐ అనే ఈ అంశం ఇప్పటికీ ఎక్కువ సైట్లకు తెరిచిన అక్షరాల్లోనే వెళ్తుంది. డీఎన్‌ఎస్‌ కవరులో దాచిన పేరే మరుక్షణం ఇక్కడ బయటపడుతుందన్నమాట. ఇది ఊహాజనిత భయం కాదు. భారత్‌లో వెబ్‌సైట్ల నిరోధం తీరుపై 2020లో వెలువడిన పరిశోధన పత్రం, సేవల సంస్థలు డీఎన్‌ఎస్‌ జవాబులను మార్చడంతో పాటు ఈ ఎస్‌ఎన్‌ఐని చదివి అడ్డుకుంటున్న తీరునూ నమోదు చేసింది.

ఆ తొలి సందేశాన్ని సైతం దాచే ‘ఎన్‌క్రిప్టెడ్‌ క్లయింట్‌ హలో’ పద్ధతి వచ్చింది. క్లౌడ్‌ఫ్లేర్‌ వెనుక ఉన్న సైటు దీన్ని వాడితే, దారిలో చూసేవారికి అసలు పేరుకు బదులు `cloudflare-ech.com` మాత్రమే కనిపిస్తుంది. అందుకు సైటు, బ్రౌజర్‌ రెండూ సిద్ధంగా ఉండాలి. పైగా దానికి అవసరమైన తాళం డీఎన్‌ఎస్‌ ద్వారానే అందుతుంది. డీఎన్‌ఎస్‌ బహిరంగంగా ఉంటే ఈ దాపరికానికి అర్థం ఉండదు. అది లేని సైట్ల విషయంలో పేరుతో పాటు సంఖ్యా చిరునామా, సందర్శన సమయం, డేటా పరిమాణం సేవల సంస్థకు కనిపిస్తూనే ఉంటాయి. సంఖ్యా చిరునామాను, సమయాన్ని, పరిమాణాన్ని ఎన్‌క్రిప్టెడ్‌ హలో సైతం దాచదు. రౌటర్‌ అమరిక నిక్కచ్చిగా సాధించేవి రెండు: జవాబును దారిలో ఎవరూ మార్చలేరు, కేవలం డీఎన్‌ఎస్‌ ప్రశ్నల నుంచి ఇంటి అలవాట్ల చిట్టాను తేలిగ్గా తయారు చేయడం సేవల సంస్థకు సాధ్యపడదు.

ఆ చిట్టా మాయం కాదు, చేతులు మారుతుంది. ఎంచుకున్న డీఎన్‌ఎస్‌ సంస్థ ప్రతి ప్రశ్ననూ చదివితేనే జవాబు చెప్పగలదు. ఎంతకాలం భద్రపరుస్తారు, ఎవరికి ఇస్తారు అన్నది ఆ సంస్థ విధానాన్ని బట్టి ఉంటుంది. ఇక రౌటర్‌ రక్షణ ఇంటి గడప వరకే. ఫోన్‌ మొబైల్‌ డేటాకు మారగానే పాత పోస్టుకార్డులు మొదలవుతాయి. ఆండ్రాయిడ్‌ 9, ఆపై ఫోన్లలో `Private DNS` వద్ద `one.one.one.one` వంటి సర్వర్‌ పేరు రాస్తే వీధిలోనూ అదే కవరు లభిస్తుంది.